ఆఫీసు గ్రూపులో మీమ్‌లు పెట్టి పరువు తీస్తున్నారు, పైగా నాకే షోకాజ్ ఇచ్చారు

ప్రశ్న: సార్, గుంటూరులో ఒక వెహికల్ ఫైనాన్స్ బ్రాంచిలో నాలుగేళ్లుగా కలెక్షన్ పని చేస్తున్నాను. కొత్త బ్రాంచ్ మేనేజర్ వచ్చిన దగ్గర్నుంచి రోజూ రాత్రి 46 మంది ఉన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "ఈరోజు జీరో వీరులు" అని లిస్టు పెట్టి, నా ముఖాన్ని బ్రహ్మానందం ఫొటోకి అతికించి మీమ్‌లు వేస్తున్నారు. ఒకరోజు తట్టుకోలేక తిరిగి అనేశాను. మర్నాడు గ్రూపులోంచి తీసేసి వేరే గ్రూపు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆదివారం మీటింగుకి రాలేదని షోకాజ్ ఇచ్చారు, 3 రోజుల్లో జవాబివ్వాలట. పోలీసు కేసు పెట్టొచ్చా? స్క్రీన్‌షాట్లు చెల్లుతాయా? ఫోన్ డిస్‌ప్లే పగిలింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకుందామనుకుంటున్నా.

జవాబు: ముందు పోలీసు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడికే పరుగెత్తుతారు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ అది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. స్టేషన్‌కి వెళ్తే కాగితం తీసుకుని కోర్టుకి వెళ్లమంటారు, అక్కడ మీరే మేజిస్ట్రేట్ ముందు ప్రైవేట్ కంప్లయింట్ వేసుకుని వాయిదాలకి తిరగాలి. ఇంటర్నెట్‌లో అవమానిస్తే 66ఏ సెక్షన్ ఉంది కదా అని ఇప్పటికీ అడుగుతుంటారు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఆఫీసులో వేధింపులు అని పేరు పెట్టి చేసిన ప్రత్యేక చట్టం కూడా మనకి లేదు. కాబట్టి మీ అసలు పోరాటం స్టేషన్‌లో కాదు, మీ చేతిలో ఉన్న ఆ షోకాజ్ నోటీసులోనే ఉంది. వాళ్లే మీకు తలుపు తీసి పెట్టారు.

ఎలాగంటే, మీటింగుకి రాలేదన్నది ఆరోపణ. మీటింగుందని మీకు ఎలా చెప్పారు? శనివారం రాత్రి కొత్త గ్రూపులో పెట్టారు, అందులో మీరు లేరు. పాత గ్రూపులోంచి మిమ్మల్ని గురువారమే తీసేశారు. ఇది రుజువైతే నోటీసు పునాది కదులుతుంది, అంతకన్నా ముఖ్యంగా గ్రూపులోంచి తీసేయడం అనేది అలకా కోపం స్థాయి దాటి, ఒక ఉద్యోగికి డ్యూటీ సమాచారం అందకుండా చేసి అదే డ్యూటీకి రాలేదని చార్జి పెట్టడం అవుతుంది. మీమ్ గురించి మాట్లాడితే హెచ్ఆర్ వాళ్లు "సరదాకి పెట్టారు, మీరు సెన్సిటివ్" అంటారు. దీనికి మాత్రం అలా అనలేరు.

మీరు పంపిన 12 స్క్రీన్‌షాట్లు చూశాను. నొచ్చుకోకండి, అందులో తొమ్మిది అలాగే పెడితే మీకే దెబ్బ. కొన్నింట్లో మీమ్ వరకే కోసి పంపారు, తేదీ లేదు, గ్రూపు పేరు లేదు. ఇంకా పెద్ద సమస్య, మేనేజర్ నంబరుని మీరు ఫోన్‌లో "శని" అని సేవ్ చేసుకున్నారు. నాకు నవ్వొచ్చింది గానీ ఎంక్వైరీలో కూర్చున్నాయనకి రాదు. ప్రతి మెసేజి పైనా "శని" అని కనిపిస్తుంటే ఆ పెట్టింది ఎవరో రుజువు కాదు సరికదా, మీకు ముందునుంచే పగ ఉందని వాళ్లు చెప్పుకోవడానికి పనికొస్తుంది. స్క్రీన్ మీద పడే పేరు మీరు పెట్టుకున్నది, ఎవరి నంబరుకైనా ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు, అందుకే నంబరు కనపడకపోతే ఆ స్క్రీన్‌షాట్‌కి విలువ తక్కువ.

కాబట్టి ఈ రాత్రే ఈ పని చేయండి. ముందు ఆ కాంటాక్ట్‌ని అసలు పేరుకి మార్చండి. తర్వాత వేరే ఫోన్‌తో మీ ఫోన్‌ని ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. గ్రూపు తెరిచి, పేరు మీద నొక్కితే గ్రూపు వివరాలు కనిపించాలి, మేనేజర్ పేరు నొక్కితే నంబరు కనిపించాలి, అక్కడినుంచి వెనక్కొచ్చి మెల్లగా పైకి జరుపుతూ మీమ్‌ల దాకా వెళ్లాలి. మధ్యలో మీరన్న మాట కూడా రానివ్వండి. "మీ బండారం కూడా పెట్టమంటారా సార్" అన్నారు కదా, దాన్ని దాచి మిగతాది పెడితే వాళ్లు ఆ ఒక్క ముక్క తీసుకొచ్చి మొత్తం మీద అనుమానం పుట్టిస్తారు. మీరే ముందు చూపించి, 11 రోజులు వరసగా ఎగతాళి చేశాక అన్న ఒక్క మాట అది అని రాయండి, అది బెదిరింపులా ధ్వనించినందుకు విచారిస్తున్నానని కూడా రాయండి. ఆ వాక్యం మీకు చేసే మేలు నా వాదన కూడా చేయలేదు.

ఇక గ్రూపులోంచి తీసేసిన సమయం. మీ స్క్రీన్ మీద ఫలానా ఆయన మిమ్మల్ని తీసేశారని ఒక చిన్న బూడిదరంగు లైను ఉంటుంది, దానికి తేదీ తెలుస్తుంది గానీ గంట కనపడదు. గ్రూపు మెనూలో "Export chat" అని ఉంటుంది, మీడియా లేకుండా దాన్ని మీ మెయిల్‌కే పంపుకుంటే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. అందులో ఆ లైను పక్కన కూడా టైము పడుతుంది, మీ కేసులో గురువారం సాయంత్రం 5:26 అని ఉండాలి, ఎందుకంటే 5:31కి మీరు హెచ్ఆర్‌కి "నన్ను గ్రూపులోంచి తీశారు" అని పంపిన మెసేజి మీ మూడో స్క్రీన్‌షాట్‌లో ఉంది. ఆ 5:31 మెసేజి, నిజం చెప్పాలంటే, మీ దగ్గరున్న వాటన్నిటిలో బలమైనది. తీసేసిన ఐదు నిమిషాల్లో పంపిన మాటని తర్వాత కథ అల్లారని ఎవరూ అనలేరు. టెక్స్ట్ ఫైలుకి ఒక లోపం ఉంది, దాన్ని ఎవరైనా తెరిచి మార్చేయొచ్చు, కాబట్టి అది వీడియోకి తోడుగానే, ఒంటరిగా కాదు. మెయిల్లో వచ్చిన ఫైలుని ముట్టుకోవద్దు.

కొత్త గ్రూపులో ఉన్న మీ స్నేహితుడు రహస్యంగా స్క్రీన్‌షాట్లు పంపుతున్నాడన్నారు. వాటిని జవాబుకి జత చేయకండి. వాటిలో ఏ మెసేజిలు చదివారో, ఏవి చదవలేదో చూస్తే ఎవరి ఫోనో పట్టేస్తారు, పాపం అతని ఉద్యోగం పోతుంది. బదులుగా జవాబులో ఇలా అడగండి: "మీటింగు సమాచారం ఏ మాధ్యమంలో, ఏ తేదీన, ఎన్ని గంటలకి నాకు ఇచ్చారో దాని ప్రతి ఇవ్వండి. సంబంధిత వాట్సాప్ గ్రూపు సంభాషణ మొత్తాన్ని తొలగించకుండా భద్రపరచండి." ఇది కాగితం మీద అడిగాక గ్రూపు మాయమైతే ఆ మాయమవడానికి వాళ్లే సమాధానం చెప్పాలి. మేనేజర్లు ఇలాంటప్పుడు మెసేజిలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ 24 గంటలకి పెట్టేస్తుంటారు కూడా.

ఇప్పుడు ఆ గ్రూపు ఆఫీసేనా అన్న ప్రశ్న. మేనేజరు "అది మా పర్సనల్ గ్రూపు" అంటాడు, తప్పకుండా అంటాడు. దుష్ప్రవర్తన అంటే ఏమిటో కంపెనీ నియమాల్లో ఉన్నదే చూడాలి, ఊహించి కలపకూడదని 1983లో గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పని ప్రదేశానికి బయట జరిగినవాటిని లాక్కురావడానికీ హద్దు పెట్టింది. అందుకే మీమ్‌ల కన్నా ముందు ఆ గ్రూపులో జరిగే మామూలు పనిని చూపించాలి. పొన్నూరు రూట్ ఎవరిది, బౌన్స్ కేసుల లిస్టు, సెలవు అడగడం, రసీదు పుస్తకం ఫొటో, ఇవన్నీ అందులోనే కదా నడిచేవి. అలాంటివి ఓ నాలుగు తేదీలతో పెడితే అది ఆఫీసు నోటీసు బోర్డు అయిపోతుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో ప్రవర్తనా నియమావళిలోనో సహోద్యోగుల్ని గౌరవించాలన్న క్లాజు వెతికి దాని నంబరు రాయండి. ఒకటి గుర్తుంచుకోండి, జీరో లిస్టు పెట్టడమే తప్పు అని రాయకండి. పనితీరు అంకెలు చెప్పడం మేనేజరు పని, మీకు ఆ రోజు జీరో వచ్చింది నిజమే. తప్పు ముఖం అతికించడంలో, "ఆఫీసు తిండి దండగ" అన్న క్యాప్షన్‌లో, దాన్ని 11 రాత్రులు చేయడంలో ఉంది.

నవ్వే ఎమోజీలు పెట్టిన 20 మందిని లాగొద్దు. రేపు సాక్ష్యం చెప్పాల్సింది వాళ్లే. గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన ఇతరుల పోస్టులకి బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో చెప్పింది కాబట్టి అడ్మిన్ మీద పడటం కూడా వృథా. మీ మేనేజరు విషయంలో అది అడ్డు కాదు, పోస్టు చేసింది ఆయనే, మీ పై అధికారీ ఆయనే.

చెల్లుతాయా అన్నదానికి రెండు జవాబులు. కంపెనీ లోపలి ఎంక్వైరీలో సాక్ష్య చట్టం బిగింపులు అంతగా ఉండవు. 1977లో హర్యానా బస్సు కండక్టర్ రతన్ సింగ్ కేసులో, ప్రయాణికుల్ని పిలిచి విచారించకపోయినా నమ్మదగిన ఆధారం ఉంటే చాలు అన్నారు. అది మీకూ పనికొస్తుంది, రేపు మీ మీద వాళ్లకీ పనికొస్తుంది. కోర్టుకి వెళ్తే మాత్రం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది రెండు భాగాలు, ఒకటి మీరు సంతకం పెట్టేది, రెండోది నిపుణుడు పెట్టేది, అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాస్తారు.

ఇదే మీమ్ ఒక ఆడపిల్ల మీద, ఒంటి మీద, చీర మీద, డబుల్ మీనింగ్‌తో పడి ఉంటే దారి వేరు. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉద్యోగులుంటే ఇంటర్నల్ కమిటీకి, తక్కువైతే జిల్లా లోకల్ కమిటీకి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, చివరి సంఘటన నుంచి లెక్క, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పెంచుతారు. కులం పేరుతో ఉంటే మళ్లీ వేరే చట్టం, అప్పుడు ఆలస్యం చేయకుండా లాయర్‌ని కలవాలి.

మీకు ఏం దొరుకుతుంది అంటే, నష్టపరిహారం ఆశించకండి. షోకాజ్ వెనక్కి తీసుకోవడం, మేనేజరుకి హెచ్చరిక, లేదా ఇద్దరిలో ఒకర్ని తెనాలి పంపడం, మామూలుగా అక్కడితో ఆగుతుంది. ఆ బదిలీ మీకే పడకుండా చూసుకోవడానికే జవాబుని మేనేజరుకి కాక హెచ్ఆర్ మెయిల్‌కి పంపి, ప్రింటు మీద తీసుకున్నట్టు సంతకమో స్పీడ్‌పోస్ట్ రసీదో తీసుకోమంటున్నాను.

ఫోన్ మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి. డిస్‌ప్లే మార్చుకోండి, ఎదురుగా కూర్చుని చేయించుకోండి, రీసెట్ చేయనివ్వద్దు, గ్రూపుని డిలీట్ చేయొద్దు. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అసలు పరికరాన్ని దాని యజమానే బోనెక్కి చూపిస్తే సర్టిఫికెట్ లేకపోయినా సరిపోతుందని చెప్పింది. పగిలిన ఆ ఫోనుకి కొట్టువాడు వేసే ధర పదిహేను వందలో రెండు వేలో, కొత్తది కావాలంటే కొనుక్కోండి, పాతది స్విచ్ ఆఫ్ చేసి ఇంట్లో బీరువాలో పెట్టండి.