ఎంబెడింగ్ మోడల్ మార్చాక పాత డాక్యుమెంట్లు సెర్చ్‌లో దొరకకపోతే

"కొత్త మోడల్ వెక్టర్లు అదే ఇండెక్స్‌లో వేస్తున్నాం. ఎర్రర్ రాదు, కానీ పాత డాక్యుమెంట్లు దొరకట్లేదు."

రెండు మోడళ్లూ ఒకే సంఖ్యలో డైమెన్షన్లు ఇస్తున్నట్టున్నాయండీ, అందుకే డేటాబేస్ నోరెత్తలేదు. సైజు ఒకటైనా ఒక మోడల్ వెక్టర్‌కీ ఇంకో మోడల్ వెక్టర్‌కీ మధ్య దూరానికి అర్థం లేదు.

ముందు క్వెరీలనూ, ఈమధ్య వేసిన డాక్యుమెంట్లనూ పాత మోడల్‌కే తిప్పండి. యూజర్లు ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత `docs_v2` అని వేరే ఇండెక్స్ తెరిచి, అసలు టెక్స్ట్ నుంచి అన్నీ కొత్త మోడల్‌తో మళ్లీ ఎంబెడ్ చేయండి. ఆ బ్యాక్‌ఫిల్ నడుస్తున్నంతసేపూ కొత్త మార్పులు రెండు ఇండెక్సుల్లోనూ, ఏ ఇండెక్స్‌కి దాని మోడల్‌తోనే, పడాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే: ఉదయం ఎడిట్ చేసిన డాక్యుమెంట్‌పై బ్యాక్‌ఫిల్ మధ్యాహ్నం పాత కాపీని రాసేసింది. రాసేముందు `updated_at` పోల్చండి.

చివర్లో ఇండెక్సూ, క్వెరీ మోడలూ ఒకేసారి మారాలి. స్కోరు 0.8 దాటితేనే చూపించు లాంటి షరతు ఉంటే కొత్త స్కోర్లు చూసి మళ్లీ పెట్టుకోండి.