సభలో సామెత చెప్పేటప్పుడు చివరి మాట ముందు ఎంతసేపు ఆగాలి?

జనానికి తెలిసిన సామెతైతే ఒక సెకను, తెలియనిదైతే అందులో సగం చాలు.

తెలిసిన సామెతను వినేవాళ్లు మనసులో ముందే పూర్తి చేసుకుంటారు. ఆ కాస్త టైమ్ ఇవ్వడానికే ఆగడం. తెలియని సామెత దగ్గర ఎక్కువసేపు ఆగితే మాట మర్చిపోయారనుకుంటారు.

కోనసీమలో కాలువ శివారు రైతుల మీటింగ్ అనుకోండి. గోదావరి నిండుగా ఉన్నా చివరి చేలకు నీళ్లు రాలేదు. "అంగట్లో అన్నీ ఉన్నాయి" అని మామూలుగా అనేసి, "అల్లుడి నోట్లో..." దగ్గర గొంతు దించకుండా ఆపాలి. గొంతు దిగితే వాక్యం అయిపోయినట్టు వినిపిస్తుంది, ఆగినా ఎవరూ ఎదురుచూడరు. ముందు వరుసలోంచి ఎవరో "శని!" అంటారు. అనకపోతే మీరే అనండి. ఆ తర్వాత "ఉంది", "అన్నట్టు" తగిలించకండి. తెలుగులో ఈ తోకలే దెబ్బ తీస్తాయి, నొక్కాల్సిన మాట మధ్యలో పడిపోతుంది. నవ్వు తగ్గుముఖం పట్టాకే కాలువ సంగతికి రండి.

నొక్కి చెప్పడమంటే మైకులో అరవడం అని చాలామంది పొరబడతారు. ఆగిన తర్వాత మాట కాస్త నెమ్మదిగా, స్పష్టంగా పడితే చాలు. అరిస్తే, ముఖ్యంగా రేకుల షెడ్డులో, "శని" కాస్తా ప్రతిధ్వనిలో కలిసిపోతుంది.