రాజీనామా లేఖలో ఆఖరి పనిదినం ఏ తేదీ వేయాలి?

ప్రశ్న: అమలాపురంలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. నాలుగేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేశాక 2016 డిసెంబర్ 12న స్టాఫ్‌లోకి తీసుకున్నారు. భీమవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెప్పడానికి జూలై 1న చేరాలి. ఒక నెల నోటీసు ఇవ్వాలి కాబట్టి ఏప్రిల్ 30న రాజీనామా ఇచ్చి, మే 31న బయటికొచ్చి, జూన్ అంతా ఇంట్లో విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నాను. 40 రోజుల ఆర్జిత సెలవు మిగిలి ఉంది. చేతికి 44,000 వస్తోంది, అందులో బేసిక్, డీఏ కలిపి 26,000. కాలేజీ 38,000 అంటోంది. పీఎఫ్‌లో ఉన్న 5 లక్షల 40 వేలు తీసేసి 1,20,000 బంగారం లోన్ కట్టేయనా? పదేళ్లు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ రాదని మా సీనియర్లు అంటున్నారు. ఆఫీసువాళ్లు ఇచ్చిన నమూనాలో రాసిన లేఖ కూడా పంపుతున్నాను.

జవాబు: లేఖ ఇంకా ఇవ్వలేదు కదా, మంచిదైంది. అందులో ఒక తేదీ మారాలి, ఒక వాక్యం పోవాలి. మే 31 బదులు జూన్ 30ని ఆఖరి పనిదినంగా వేయండి. కాలేజీలో చేరేది ఎలాగూ జూలై 1నే కాబట్టి అక్కడ ఏమీ చెడదు.

ముందు గ్రాట్యుటీ సంగతి. మీ సీనియర్లు చెప్పిన పదేళ్ల మాట ఊరికే పుట్టలేదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో, తనంతట తాను రాజీనామా చేసే జర్నలిస్టుకు గ్రాట్యుటీ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలనే నిబంధన ఉండేది. డెస్కుల్లో ఇప్పటికీ వినిపించేది అదే. 1972 గ్రాట్యుటీ చట్టం వచ్చాక ఐదేళ్లు చాలన్నారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో వర్కింగ్ జర్నలిస్టులకు మూడేళ్లే పెట్టారు. మీకు తొమ్మిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు, ఎవరో దయతో ఇచ్చేది కాదు.

ఇక ఎంత వస్తుందో చూద్దాం. చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి వచ్చే మొత్తం తేలుతుంది. మీ 26,000కి అది సరిగ్గా 15,000. పూర్తయిన ఏళ్లన్నీ లెక్కలోకి వస్తాయి, చివర మిగిలిన ముక్క ఆరు నెలలు దాటితే దాన్ని కూడా ఒక ఏడాదిగా తీసుకుంటారు. మే 31న మీ సర్వీసు తొమ్మిదేళ్ల ఐదు నెలల చిల్లర. ఆ చిల్లరకు విలువ లేదు, వచ్చేది 1,35,000. జూన్ 30న తొమ్మిదేళ్ల ఆరు నెలల 19 రోజులు అవుతుంది. అప్పుడు పదేళ్ల లెక్కన 1,50,000 వస్తుంది. పైగా జూన్ జీతం 44,000 కూడా చేతిలో పడుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఈపీఎఫ్ పెన్షన్. మీ జీతం నుంచి కోసేదంతా పీఎఫ్‌లోకే వెళ్తుంది. యాజమాన్యం వాటాలో మాత్రం 8.33 శాతం, గరిష్ఠంగా నెలకు 1,250, పెన్షన్ ఖాతాకు పోతుంది. 58 ఏళ్లకు నెలవారీ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, ఇక్కడ కూడా ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు. మే 31న వస్తే మీరు తొమ్మిదేళ్ల మనిషి, జూన్ 30న వస్తే పదేళ్ల మనిషి. పదేళ్లకు పెన్షన్ ఎంత అంటే, పెన్షన్ లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం 15,000ని పదితో గుణించి 70తో భాగించాలి. నెలకు సుమారు 2,143. పెద్ద మొత్తం కాదని నాకూ తెలుసు. కానీ బతికున్నంత కాలం వస్తుంది, మీ తర్వాత మీ భార్యకు కుటుంబ పెన్షన్‌గా కొంత వస్తుంది. అందుకే దీన్ని ఒక నెల విశ్రాంతి కోసం వదులుకోవద్దంటాను.

ఇందులో ఒక షరతు ఉంది. మీరు 2016లో చేరినప్పుడు బేసిక్, డీఏ 15,000 లోపు ఉండి ఉండాలి. 2014 సెప్టెంబర్ తర్వాత అంతకు మించిన జీతంతో కొత్తగా చేరినవాళ్లకు పెన్షన్ ఖాతా ఉండదు. మీ పాస్‌బుక్‌లో పెన్షన్ వరుస తెరిచి ప్రతి నెలా 1,250 వరకు జమ పడిందో లేదో చూడండి. జీతం లేని రోజుల లెక్క కూడా చూసుకోండి. లాస్ ఆఫ్ పేలో పెట్టిన రోజులు సర్వీసులోంచి తీసేస్తారు. ఆరు నెలల గీతకు పైన మీకున్నది 19 రోజులే. ఇన్నేళ్లలో జీతం లేని రోజులు అంతకు మించితే జూన్ 30 కూడా సరిపోదు. అప్పుడు కాలేజీలో పీఎఫ్ ఉందా లేదా అన్నదే తేలుస్తుంది.

కాబట్టి లేఖ ఇవ్వకముందే కాలేజీని రెండు విషయాలు అడగండి. మొదటిది, పీఎఫ్ కడతారా? కట్టే కాలేజీ అయితే, చేరేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో పీఎఫ్‌కు ఇచ్చిన పాత యూఏఎన్ నంబర్ రాసి, ఇప్పటికే పెన్షన్ సభ్యుడినని టిక్ పెట్టండి. అది చూడకుండా 38,000 జీతం కాబట్టి కొత్త సభ్యుడనుకుని పెన్షన్ వాటా ఆపేసే అకౌంట్స్ విభాగాలు చాలా ఉన్నాయి. పాత సభ్యులకు జీతం 15,000 దాటినా పెన్షన్ కొనసాగుతుంది. పీఎఫ్ లేని కన్సాలిడేటెడ్ పే అంటే మాత్రం జూన్ 30 తేదీని ప్రాణంగా పట్టుకోండి, తర్వాత మీ పెన్షన్ సర్వీసుకు రుజువుగా ఉండే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి.

రెండో ప్రశ్న, వేసవి సెలవుల్లో జీతం ఇస్తారా? ప్రైవేటు కాలేజీల్లో పది నెలల కాంట్రాక్టులు మామూలే. 38,000 పది నెలలే ఇస్తే ఏడాదికి 3,80,000, అంటే నెలకు 31,700 లోపు పడుతుంది. ఇప్పుడు మీకు వస్తున్నది ఏడాదికి 5,28,000. దానికి తోడు ఇప్పటి పెట్రోల్ అలవెన్స్ ఆగిపోతుంది, చించినాడ వంతెన మీదుగా భీమవరం రోజూ రానూపోనూ ఖర్చు మొదలవుతుంది. ఈ తేడా మోయలేక మూడో నెలలోనే అప్పు మొదలుపెట్టిన వాళ్లను చూశాను. నియామక ఉత్తర్వు కాగితం మీద చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి, నోటిమాట మీద వద్దు.

విశ్రాంతి కావాలన్నారు, అది న్యాయమైన కోరికే. ఆ 40 రోజుల సెలవులోంచి జూన్‌లో 15 రోజులు అడగండి. ఆఖరి పనిదినం జూన్ 30గానే ఉంచి, ముందు పక్షంలో బాధ్యతలు అప్పగించి, 16 నుంచి సెలవులో ఉంటే జీతమూ ఆగదు, సర్వీసూ తెగదు. నోటీసు కాలంలో సెలవు ఇవ్వబోమంటే మిగిలిన రోజులకు డబ్బు ఎలా కడతారో మీ సంస్థ నిబంధనల్లో చూసి అడగండి. వరదల సీజన్ వస్తోంది, ధవళేశ్వరం దగ్గర నీళ్లు తగ్గేదాకా ఉండమని బ్యూరో అడగవచ్చు కూడా. జూన్ 30కి మించి ఒప్పుకోవద్దు. రెండు చోట్లా ఉద్యోగ తేదీలు ఒకదానిపై ఒకటి పడితే పీఎఫ్ బదిలీలో వివరణలు అడిగే అవకాశం ఉంది.

ఇప్పుడు మీ లేఖ. ఆఫీసు నమూనాలో ‘నాకు సంస్థ నుంచి రావలసిన బకాయిలు ఏమీ లేవు’ అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేయండి. గ్రాట్యుటీ హక్కు అలాంటి సంతకంతో పోదు గానీ, ఆ కాగితం చూపించి నెలల తరబడి తిప్పుతారు. ‘వెంటనే రిలీవ్ చేయగలరు’ అన్న మాట కూడా వద్దు, ఆ మాట పట్టుకుని చాలా ముందే పంపేస్తే లెక్కంతా తారుమారు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘2016 డిసెంబర్ 12 నుంచి స్టాఫ్ రిపోర్టర్‌గా పనిచేస్తున్న నేను కళాశాలలో జర్నలిజం బోధించేందుకు రాజీనామా చేస్తున్నాను. నా ఆఖరి పనిదినం 2026 జూన్ 30. జూన్ 16 నుంచి 30 వరకు ఆర్జిత సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. గ్రాట్యుటీ, మిగిలిన సెలవు, జీతం బకాయిలు లెక్కకట్టి చెల్లించి, కంట్రిబ్యూటర్‌గా చేసిన కాలాన్ని కూడా పేర్కొంటూ అనుభవ ధ్రువీకరణ పత్రం ఇవ్వవలసిందిగా మనవి.’

కంట్రిబ్యూటర్ కాలాన్ని ఎందుకు రాయించాలంటే, రాసిన వార్తల లైన్ల లెక్కన డబ్బు తీసుకుంటూ పనిచేసిన ఆ నాలుగేళ్లు పీఎఫ్‌లో కనిపించవు, గ్రాట్యుటీలో కలపమని అడిగినా ఉద్యోగి అని రుజువు చేయడం కష్టం. కానీ రేపు మరో కాలేజీకి దరఖాస్తు చేసినప్పుడు అనుభవంగా పనికొస్తాయి. లేఖను మే 25న మెయిల్‌లో పంపి, మీ సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోండి. ఆఫీసు మెయిల్ జూన్ 30 రాత్రికే మూసేస్తారు. మరీ ముందు ఇస్తే త్వరగా పంపించేసే అవకాశం ఉంది, ఒక నెల నోటీసుకు మే 25 సరిపోతుంది.

పీఎఫ్ మాత్రం తీయవద్దు. 2024-25కి దాని మీద 8.25 శాతం వడ్డీ వచ్చింది. పెన్షన్‌కు పదేళ్లు లెక్కకు రాకముందే తీస్తూ పెన్షన్ ఖాతా కూడా మూసేస్తే ఇన్నేళ్ల సర్వీసు సున్నా అవుతుంది. బంగారం లోన్ సంగతికి గ్రాట్యుటీ ఉంది: బయటికొచ్చిన 30 రోజుల్లో చెల్లించాలి కాబట్టి జూలై చివరికల్లా ఆ 1,50,000లో 1,20,000 లోన్‌కు, దాని వడ్డీకి కట్టేసి నగలు ఇంటికి తెచ్చుకోండి. అప్పటిదాకా వడ్డీ మాత్రం పేరుకోకుండా చూసుకోండి.

ఇంకో రెండు పనులు జూన్ ముగిసేలోపు అయిపోవాలి. యూఏఎన్‌కు ఇచ్చిన ఫోన్ నంబర్ ఆఫీసు సిమ్‌దైతే, తిరిగి ఇచ్చేలోపు సొంత నంబర్‌కి మార్చుకోండి, లేకపోతే ఓటీపీ మీకు రాదు. ఉద్యోగంతో పాటు ప్రభుత్వమిచ్చే అక్రిడిటేషన్ కార్డు పోతే దానితో ముడిపడిన జర్నలిస్టుల ఆరోగ్య పథకం, బస్సు రాయితీ కూడా పోతాయి. కొత్త ఆరోగ్య పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప సాధారణంగా కవరేజీ ఉండదు కాబట్టి మే నెలలోనే కుటుంబమంతటికీ ఫ్లోటర్ పాలసీ తీసుకోండి.

ఆగస్టు చివరలో పీఎఫ్ పోర్టల్‌లో Service History తెరవండి. ఉద్యోగం వదిలిన తేదీ జూన్ 30గా పడిందో లేదో చూడండి. పడకపోతే చివరి చందా నెల దాటి రెండు నెలలయ్యాక Mark Exit ద్వారా మీరే వేసుకోవచ్చు. తప్పు తేదీ పడి ఉంటే హెచ్‌ఆర్‌కు రాసి సరిచేయించాకే బదిలీకి దరఖాస్తు పెట్టండి.