నాన్నగారు ఇక లేరన్న కబురు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్నేహితుడి ఇంటికి రాసిన ఉత్తరాన్ని పంపే ముందు నాకు చూపించావు, మంచి పని చేశావు. రెండుసార్లు చదివాను. నీ బాధ నిజమైనదే, కానీ ఆ కాగితం మీద ఉన్న మాటలు నీవిగా లేవు. నువ్వు రాసింది ఒకసారి పైకి చదువుకో:

“మీ తండ్రిగారు ఆకస్మికంగా మృతి చెందిన విషయం తెలిసి తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. వారి మరణం మీ కుటుంబానికి తీరని లోటు. వారి మృతికి చింతిస్తూ, వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని కోరుకుంటూ, కుటుంబ సభ్యులకు నా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తున్నాను.”

ముప్పై ఏళ్లు పత్రికలో వార్తలు దిద్దినవాణ్ణి కాబట్టి ఈ వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. ఇవి మేం రాసినవే. ఎవరో తెలియని మనిషి గురించి, తెలియని పాఠకుల కోసం, పది నిమిషాల్లో రాసి అచ్చుకు పంపే మాటలు. మూడు వాక్యాల్లో మూడుసార్లు మృతి, మరణం అన్నావు. ఆ ఇంట్లో వాళ్లు ఆ మాటను వద్దన్నా వింటూనే ఉంటారు. నీ ఉత్తరం తెరిచినప్పుడు అదే మాట మళ్లీ మూడు దెబ్బలుగా తగలకూడదు.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. ఒక స్నేహితుడి భార్య పోయినప్పుడు “స్వల్ప అస్వస్థతతో మృతి చెందారని తెలిసి విచారించాను” అని రాశాను. చేతికి అలవాటైన మాట అలాగే దిగింది. చాలా కాలం తర్వాత ఆయన ఒకసారి మెల్లగా అడిగాడు: “రెండేళ్లు రాత్రుళ్లు మేలుకుని చూసుకున్నానే, అది నీకు స్వల్పంగా ఎలా కనిపించింది?” నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఇలాంటి ఉత్తరంలో ప్రతి మాటనూ ఆ ఇంటివాళ్ల చెవితో వినడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ ఒక్క మాట దగ్గరకు వద్దాం. ‘చనిపోయారు’ అన్నది చెడ్డ మాటేమీ కాదు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు గొంతులోని తడి దాన్ని మెత్తబరుస్తుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు, మాట ఒక్కటే మిగులుతుంది. ‘పోయారు’ కూడా అంతే, నోటితో అంటే ఆత్మీయంగా ఉంటుంది, రాస్తే పొడిగా ఉంటుంది. ‘మృతి చెందారు’, ‘దుర్మరణం పాలయ్యారు’, ‘అసువులు బాశారు’ పూర్తిగా వార్తల మాటలు. వాటిలో దుర్మరణం మరీ కఠినం. ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది తన బిడ్డ మీద వేసిన ముద్రలా కనిపిస్తుంది.

‘కాలం చేశారు’ అందమైన, గౌరవమైన మాట. నిండు జీవితం గడిపిన పెద్దవాళ్ల విషయంలో నేను దాన్నే వాడతాను. కానీ నీ స్నేహితుడి తండ్రికి అరవై రెండేళ్లు. ఉదయం పేపరు చదువుతూ మధ్యాహ్నానికి లేకుండా పోయిన మనిషి. ఆయన విషయంలో ‘కాలం చేశారు’ అంటే, వెళ్లాల్సిన వేళకే వెళ్లారు అన్నట్టు వినిపిస్తుంది. ‘కన్నుమూశారు’ మెత్తనిదే, జబ్బుతోనో వయసుతోనో వెళ్లినవాళ్లకు సరిపోతుంది, ప్రమాదానికి సరిపడదు. ‘తుదిశ్వాస విడిచారు’ అన్నది మర్యాదగా కనిపిస్తుంది కానీ, పక్కనే ఉండి ఆ చివరి క్షణాన్ని చూసినవాళ్లను తిరిగి ఆ మంచం దగ్గరకే తీసుకెళ్తుంది. అందుకే దాన్ని నేను వాడను.

ఇక పరమపదించారు, శివైక్యం చెందారు, ప్రభువునందు నిద్రించారు లాంటివి. ఒక్కో మాట వెనుక ఒక్కో విశ్వాసం ఉంది. పరమపదం విష్ణువు సన్నిధి, శైవులు మామూలుగా శివైక్యం అనే అంటారు. ఆ కుటుంబం తానే పంపిన కబురులో ఏ మాట రాసిందో చూడు. వాళ్లు రాసి ఉంటే నువ్వూ అదే రాయవచ్చు. వాళ్లు రాయకపోతే నువ్వు వాళ్ల తరఫున ఎంచుకోవద్దు. ఆత్మకు శాంతి అన్న మాటకూ ఇదే వర్తిస్తుంది. ఆ పెద్దాయన దేవుణ్ణి నమ్మేవారు కాదని నువ్వే ఒకప్పుడు నాతో చెప్పావు కదా.

‘కీర్తిశేషులు’, ‘దివంగత’ అన్నవి పేరుకు ముందు పెట్టేవి. వాటికి ముందు ముందు చోటు వస్తుంది. మొదటి వారంలో ఆ మాట తండ్రి పేరు ముందు కనబడితే కొడుకు తట్టుకోలేడు.

మెత్తదనం కోసం మరీ దూరం వెళ్లడం కూడా ప్రమాదమే. ‘దివికేగిన తార’, ‘ఒక శకం ముగిసింది’ అని రాస్తే చదివేవాళ్లకు ఆ మనిషి కనబడడు, నీ రచన కనబడుతుంది. ‘మనల్ని విడిచి వెళ్లిపోయారు’ అని చాలామంది ప్రేమతోనే రాస్తారు. నాకు మాత్రం ఆ ‘విడిచి’ గుచ్చుకుంటుంది. ఎవరూ కావాలని విడిచి వెళ్లరు. తనంతట తాను ప్రాణం తీసుకున్న మనిషి ఇంటికైతే ఆ మాట అసలే రాయకూడదు, ఆ ఇంట్లో అందరూ రాత్రింబవళ్లు వేసుకునే ప్రశ్నే అది. చిన్నపిల్లలున్న ఇంటికి రాసేటప్పుడు ‘శాశ్వతంగా నిద్రపోయారు’ అనవద్దు. పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు, పడుకోవడానికే భయపడతారు.

ఇన్ని తీసేస్తే మిగిలేదేమిటి అంటావు. నేను ఎక్కువగా ఆధారపడేది ఒక చిన్న మాట మీద: లేరు. “నాన్నగారు ఇక లేరు.” ఇందులో అబద్ధం లేదు, అలంకారం లేదు, ఏ మతమూ లేదు. పెద్దలకు ‘లేరు’, చిన్నవాళ్లకు ‘లేడు’, ‘లేదు’, ఎవరికైనా సరిపోతుంది. దీనికి తోడుగా ‘దూరమయ్యారు’ కూడా మంచిదే. అక్కడ ఒక జాగ్రత్త ఉంది. “మనకు దూరమయ్యారు” అన్నప్పుడు ఆ దుఃఖంలో నీకూ వాటా ఉందని చెబుతున్నావు. నువ్వు ఆ ఇంట్లో తిని పడుకున్నవాడివి, నీకు ఆ హక్కు ఉంది. ఒకటి రెండుసార్లు మాత్రమే చూసినవాళ్లు “మీకు దూరమయ్యారని” రాయడమే పద్ధతి.

మాట ఒక్కటే సరిపోదు, దాన్ని ఎక్కడ పెడతావన్నదీ ముఖ్యమే. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. “నాన్నగారు మరణించారని నిన్న తెలిసింది. ఆయన ఇక లేరు.” ఇలా రాస్తే ఆ బరువైన మాట దగ్గరే వాక్యం ఆగిపోతుంది, చదివేవాళ్ల చూపూ అక్కడే ఆగుతుంది. “నాన్నగారు ఇక లేరన్న కబురు నిన్న రాత్రి అందింది” అని చూడు. మాట చెప్పావు, కానీ అది మధ్యలో ఉంది. వాక్యం దాని మీదుగా ముందుకు సాగి, నువ్వు ఆ కబురు విన్న చోట ఆగింది. ఆ తర్వాత ఉత్తరంలో ఎక్కడా మళ్లీ ఆ ఊసు ఎత్తకు. ఒక్కసారి చాలు.

తర్వాత ఏం రాయాలన్నదానికి మన భాష ఒక గొప్ప సాయం చేస్తుంది. అనేవారు, పిలిచేవారు, నవ్వేవారు అన్న రూపాలు చూడు. ఆ ‘వారు’లోనే ఇప్పుడు లేరన్నది వినిపిస్తుంది, అదే సమయంలో మనిషి కదులుతూ, మాట్లాడుతూ కనిపిస్తారు. పోయారన్న మాట లేకుండానే ఉత్తరమంతా నడుస్తుంది. అందుకే ‘తీరని లోటు’ తీసేసి, ఆయన గురించి నీకు మాత్రమే తెలిసిన ఒక్క సంగతి రాయమంటున్నాను. నిన్న ఫోనులో నువ్వు చెప్పిన లైటు సంగతి చాలు.

‘చింతిస్తూ’ కూడా తీసెయ్యి. ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం అని విని విని ఆ మాట అరిగిపోయింది. అలవాటు కొద్దీ మొదట్లో ‘ఉభయకుశలోపరి’ రాయకు, ఆ ఇంట్లో కుశలం లేదు. ఎలా జరిగిందని అడగకు. ‘ఆకస్మికంగా’ అని వాళ్లకు నువ్వు చెప్పనక్కరలేదు. ‘మీ తండ్రిగారు’ కూడా దరఖాస్తులో మాటలా ఉంది, నువ్వు ఆయన్ను ఎప్పుడూ ‘నాన్నగారు’ అనే కదా పిలిచావు. అమ్మగారు కూడా చదువుతారు కాబట్టి ఆమెను విడిగా పలకరించు.

నీ మాటలతోనే ఇలా పేర్చి చూశాను. నచ్చినంత ఉంచుకో:

“మిత్రమా, అమ్మగారూ,

నాన్నగారు ఇక లేరన్న కబురు నిన్న రాత్రి అందింది. అప్పటి నుంచి ఆయన గొంతే వినిపిస్తోంది. పరీక్షలకు మీ ఇంట్లో చదువుకునేటప్పుడు అర్ధరాత్రి దాటాక వచ్చి, ‘కళ్లు పాడవుతాయి, ఇక పడుకోండి’ అని లైటు ఆర్పేసేవారు. ఐదు నిమిషాలకు మేం మళ్లీ వేస్తే, తెలియనట్టే తలుపు దగ్గరగా వేసేవారు. నన్ను ఒక్కరోజు కూడా పరాయివాడిగా చూడలేదు.

అమ్మగారూ, మీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆదివారం ఉదయం వస్తాను. బ్యాంకు పనులు, ఆయన ఆఫీసు కాగితాలు ఏమున్నా నాకు అప్పగించండి. దీనికి జవాబు రాయవలసిన అవసరం లేదు.”

దీన్ని టైపు చేయవద్దు, చేత్తో రాయి. నీ అక్షరాలు అంత బాగుండవని అనుకుంటావని తెలుసు, అయినా సరే. ఒక మాట కొట్టేయవలసి వస్తే కొత్త కాగితం తీసుకో, ముఖ్యంగా ఆ మొదటి వాక్యంలో కొట్టివేత కనిపించకూడదు. రేపటి టపాలో వేస్తే నువ్వు వెళ్లే లోపే అందుతుంది. ఆదివారం అక్కడికి వెళ్లినప్పుడు ఉత్తరం అందిందా అని మాత్రం అడగకు.

ఇట్లు,
మీ పెదనాన్న