కౌంటర్ దగ్గర తటపటాయించే కస్టమర్‌ని ఎలా పలకరించాలి?

"మెడికల్ షాపులో కొత్తగా చేరాను. కొందరు ఏదో అడగాలని వచ్చి, క్రోసిన్ కొనుక్కుని వెళ్లిపోతున్నారు. ఎలా మాట్లాడించాలి?"

ముందు "ఏం కావాలండీ?" అని గట్టిగా అడగడం మానేయండి. పక్కన నలుగురుంటే ఆ ప్రశ్నకే గొంతు ఎండిపోతుంది. "ఒక్క నిమిషం, వీళ్లకి ఇచ్చేసి వస్తాను" అని, రద్దీ తగ్గాక కౌంటర్ చివరికి రండి. "పేరు గుర్తులేకపోతే ఫోన్‌లో చూపించినా సరే" అంటే చాలామందికి ప్రాణం లేచొస్తుంది.

మొన్న ఒకబ్బాయి అలాగే ఫోన్ తిప్పి చూపించాడు: ఎమర్జెన్సీ గర్భనిరోధక మాత్ర. ఎవరికి, పెళ్లయిందా అని అడగలేదు. మనకి అక్కర్లేదు కూడా. "ఈ మాత్ర ఎవరు తీసుకున్నా రెండు విషయాలు అడుగుతాం" అని మొదలుపెట్టాను. అందరినీ అడిగేదే అంటే తనని వేలెత్తి చూపినట్టు ఉండదు. కలిసి ఎన్ని గంటలైంది? టీబీ, ఫిట్స్ మందులేమైనా వాడుతున్నారా? వాడుతుంటే మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు, డాక్టర్ దగ్గరికి పంపాలి. లేదన్నాడు. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిదని చెప్పి, కాగితం కవర్‌లో పెట్టి ఇచ్చాను.

వెళ్లబోతూ ఆగి, "నెలసరి ఆలస్యమైతే?" అన్నాడు. వారం దాటితే టెస్ట్ చేసుకోమన్నాను.