దడదడ, టపటప, గిలగిల ఇంగ్లీషులో

గుండె దడదడలాడింది, వాన టపటపా పడింది అంటాం కదా, వీటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

చాలావరకు ఒక్క క్రియ చాలు: గుండెకు పౌండ్, చినుకులకు ప్యాటర్, సన్నటి తుంపరకు డ్రిజిల్. తెలుగులో క్రియ మామూలుగానే ఉంటుంది, పని జరిగే తీరును జంటమాట చెబుతుంది. ఇంగ్లీషులో ఆ తీరు క్రియలోనే కలిసిపోతుంది. కోనసీమ సంతలో బుట్టలోని కొర్రమీను ‘గిలగిలా కొట్టుకుంటోంది’ అనుకోండి, ‘ద ఫిష్ ఈజ్ థ్రాషింగ్ అబౌట్’ అంటే సరి. గిలగిలకు వేరే మాట వెతకక్కర్లేదు.

ఇవన్నీ చప్పుడును అనుకరించే మాటలేనని చాలామంది పొరబడతారు. గిలగిలలో చప్పుడెక్కడుంది? అది కదలిక. తళతళ అయితే ఉత్త మెరుపే. అదే ప్రాణం గిలగిల్లాడిందంటే మాత్రం థ్రాష్ అసలు కుదరదు, ‘ఐ వజ్ ఇన్ యాగనీ’ అనాలి.