పొద్దున్న పూట క్వార్టర్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నైట్ షిఫ్టు దిగాక క్వార్టర్ పడకపోతే కన్ను మూతపడదని మొన్న ఫోనులో అన్నావు. నేను కూడా నాలుగేళ్లు అలాగే చేశాను కాబట్టి నీతులు చెప్పే అర్హత లేదు. లెక్క మాత్రం చెబుతాను.

క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. అందులో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. కాలేయం గంటకు 8 నుంచి 10 గ్రాములు కరిగిస్తుంది, తొందరపెట్టినా వినదు. ఉదయం ఏడున్నరకు తాగితే ఒంట్లోంచి పూర్తిగా పోయేసరికి మధ్యాహ్నం రెండో మూడో అవుతుంది.

మొదటి మూడు గంటలు మొద్దులా పడుకుంటావు. మనల్ని మోసం చేసేది ఆ మొద్దు నిద్రే. మత్తు దిగుతున్నకొద్దీ మెదడు ఎదురు తిరుగుతుంది. గుండె దడ, చెమట, దాహం, పాడు కలలు, రెండుసార్లు మూత్రానికి లేవడం. రాత్రి తాగినవాడికి ఈ గొడవ అర్ధరాత్రి దాటాక వస్తుంది. అప్పుడు శరీరం ఇంకా నిద్రవైపే ఉంటుంది కనుక మళ్లీ ఎలాగో కునుకు పడుతుంది. నీకు వచ్చేది పదకొండు, పన్నెండు గంటలకు. సరిగ్గా అప్పుడే ఒంటి వేడి పెరుగుతూ, లోపలి గడియారం కూడా లెమ్మంటూ ఉంటుంది. రెండూ కలిసి లేపాక ఇక నిద్ర ఎక్కడిది?

అప్పట్లో గోడ క్యాలెండరు మీద నేను లేచిన వేళ రాసేవాణ్ణి. పన్నెండుంబావు, పదకొండున్నర, మళ్లీ పన్నెండు. మీ అత్తయ్య అది చూసి, ‘తాగేది నిద్ర కోసమా, మెలకువ కోసమా?’ అంది. ఆ రాత్రి డ్యూటీలో మూడింటికి తూగు, దానికి రెండు టీలు, ఆ టీలు దిగడానికి పొద్దున్నే మరో పెగ్గు. కొన్నాళ్లకు అదే కొలతకు నిద్ర రాదు, కొలత పెరుగుతుంది.

టీ రాత్రి రెండు గంటలకే ఆపెయ్యి. ఇంటికి వచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకో, పొద్దుటి వెలుతురు పడితే గడియారం పగటికే తిరుగుతుంది. రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దళసరి దుప్పటి కట్టి పడుకో. ఐదు గంటలే పట్టినా ఫరవాలేదు, సాయంత్రం ఏడింటికి మరో గంటన్నర పడుకో. క్వార్టర్ మానిన మొదటి వారం నిద్ర ఇంకా చెడుతుంది, భయపడకు. తాగాలనిపిస్తే సెలవు రోజు సాయంత్రం కొద్దిగా తాగు, పడకకు నాలుగు గంటల ముందే ముగించు. నిద్రమాత్రతో కలిపి మాత్రం ఎప్పుడూ వద్దు.

ఒక్కటి జాగ్రత్త. తాగని పూట చేతులు వణికితే, చెమటలు పోస్తే, నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానకు. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మత్తు మానాలనుకునేవాళ్ల సహాయ నంబరు 14446కి ఫోను చేసినా దారి చెబుతారు.

నా పాత నల్ల కళ్లద్దాలు మీ అత్తయ్య చేత పంపిస్తున్నాను. ఒక కాడ కాస్త వదులు, స్క్రూ బిగించుకో.

మీ మామయ్య